వెర్షన్‌కి పేరు పెట్టేముందు: పదిహేనేళ్లు నిలిచే పేర్ల కోసం కొన్ని చిట్కాలు

మేం నలుగురం తార్నాకలో ఒక అద్దె గదిలో కూర్చుని, చిన్న లైబ్రరీల కోసం పుస్తకాలు ఇచ్చిపుచ్చుకునే లెక్కల సాఫ్ట్‌వేర్ రాస్తుంటాం. ఉస్మానియా క్యాంపస్‌లో చదువుకున్న రోజుల్లో మొదలుపెట్టిన పని అది. ఏటా జూన్‌లో, కొత్త విద్యా సంవత్సరానికి ముందు, ఒక కొత్త వెర్షన్ వస్తుంది. మొదటి మూడు వెర్షన్లకి కవుల పేర్లు పెట్టాం: నన్నయ, తిక్కన, ఎర్రన. లైబ్రరీకి అంతకన్నా తగిన పేర్లు ఏముంటాయి అనుకున్నాం.

రెండో ఏడు ఒక లైబ్రరీ నుంచి మేడమ్ ఫోన్ చేసి, "తమ్ముడూ, తిక్కన ఇంకా రాలేదు" అన్నారు. "సోమవారం వచ్చేస్తుంది మేడమ్" అన్నాను. ఆవిడ అడిగింది ఎవరో పాఠకుడు తీసుకెళ్లి తిరిగివ్వని విరాటపర్వం సంపుటి గురించి. నేను చెప్పింది కొత్త వెర్షన్ గురించి. ఆ పుస్తకం కోసం ఎదురుచూస్తున్న పెద్దాయనకి ఆవిడ సోమవారం రమ్మని చెప్పారు. ఆయన రెండు బస్సులు మారి వచ్చి ఉత్త చేతులతో వెళ్లారు. ఆ రోజునుంచి పేర్ల సంగతి మాకు సరదా వ్యవహారం కాకుండా పోయింది. మూడో వెర్షన్‌కి పేరు అప్పటికే ఖాయమైంది కాబట్టి దాన్ని ఎర్రన పేరుతోనే పంపి, నాలుగోదానికి మొత్తం మళ్లీ మొదలుపెట్టాం. అప్పుడు నేర్చుకున్నవే ఈ చిట్కాలు.

1. పేర్లు వెతకడానికి ముందు ఎన్ని పేర్లు కావాలో లెక్క వేయండి.

ఏడాదికి ఎన్ని వెర్షన్లు, సాఫ్ట్‌వేర్ ఎన్నేళ్లు బతకాలి, ఈ రెంటినీ గుణించండి. ఏటా ఒకటి చొప్పున పదిహేనేళ్లంటే పదిహేను పేర్లు. ఆరు నెలలకొకటి అయితే ముప్ఫై. వడపోతలో కొన్ని పోతాయి కాబట్టి, చేతిలో ఉన్నవి కావలసినవాటికి కనీసం రెట్టింపు ఉండాలి.

మనకి నోటికొచ్చే గుంపులు ఈ లెక్కకి చాలావరకు ఆగవు. అష్టదిగ్గజాలు ఎనిమిదిమందే. గ్రహాలు తొమ్మిది, రాశులు పన్నెండు. నక్షత్రాలు ఇరవై ఏడున్నాయి గాని స్వాతి, రేవతి, రోహిణి, కృత్తిక ప్రతి తరగతిలోనూ ఉంటారు. ఆపిల్ కంపెనీ 2001లో చీతాతో మొదలుపెట్టి పెద్ద పిల్లుల పేర్లు పెట్టుకుంటూ పోయింది. లెపర్డ్ తర్వాత స్నో లెపర్డ్, లయన్ తర్వాత 2012లో మౌంటెన్ లయన్ వచ్చాయి. పాత పేరుకే ముందొక మాట తగిలిస్తున్నారంటే మూట అడుగంటిందనే గుర్తు. 2013లో వాళ్లు పిల్లుల్ని వదిలి కాలిఫోర్నియా ప్రదేశాల పేర్లకి మారారు.

2. ఏది ముందు, ఏది తర్వాత అన్నది పేరులోనే ఉండాలి.

అన్నిటికన్నా ఎక్కువ పని చేసే చిట్కా ఇదే, అందుకే కాస్త ఆగి చెబుతాను. వెర్షన్ పేరు విన్న మనిషికి కావలసింది ఒక్కటే: నా దగ్గర ఉన్నది పాతదా, కొత్తదా?

డెబియన్ అనే లినక్స్ పంపిణీకి 1996 నుంచి టాయ్ స్టోరీ సినిమాలోని బొమ్మల పేర్లే పెడుతున్నారు. అప్పుడు దాన్ని నడిపించిన బ్రూస్ పెరెన్స్ ఆ సినిమా తీసిన పిక్సార్‌లోనే పనిచేసేవాడు. బజ్, రెక్స్, బో అంటూ మొదలై మూడు దశాబ్దాలుగా ఆ పేర్లు తరగలేదు. ఆ లెక్కన గట్టి ఇతివృత్తమే. కానీ బస్టర్, బుల్స్‌ఐ, బుక్‌వర్మ్ మూడూ వరుసగా వచ్చిన వెర్షన్లు, మూడూ 'బ'తోనే మొదలవుతాయి. వీటిలో ఏది ముందో పేరు చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు, బట్టీ పట్టాల్సిందే. మన దేశంలో సీ-డాక్ తయారుచేసిన బాస్ లినక్స్‌కీ అదే ఇబ్బంది. అనోఖా 5వ వెర్షన్, అనూప్ 6వది. పేర్లు చక్కనివే, వరుస మాత్రం వాటిలో లేదు.

ఉబుంటు వాళ్లు ఇంకో దారి పట్టారు. మొదట్లో కొంచెం తడబడ్డా, 2006లో వచ్చిన డ్యాపర్ డ్రేక్ నుంచి అక్షరక్రమం తప్పలేదు. ఎఫ్‌తో ఫోకల్ ఫోసా, జేతో జామీ జెల్లీఫిష్, ఎన్‌తో నోబుల్ నంబాట్. ఫోసా అంటే మడగాస్కర్‌లో తిరిగే జంతువని తెలియని వాళ్లకి కూడా ఎఫ్ తర్వాతే జే అని తెలుసు. ఇరవై ఆరు అక్షరాలు, ఏడాదికి రెండు వెర్షన్లు, అంటే పదమూడేళ్లకి ఒక చుట్టు. 2017లో జెస్టీ జేపస్‌తో చుట్టు ముగిసి, అదే ఏడు ఆర్ట్‌ఫుల్ ఆర్డ్‌వార్క్‌తో మళ్లీ ఏ నుంచి మొదలైంది.

మా కవుల వరుస ఎందుకు ఆగిందో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. కవిత్రయం దాకా అందరికీ తెలిసిన క్రమమే. నాలుగోవాడు శ్రీనాథుడా, పోతనా? ఇద్దరూ పదిహేనో శతాబ్దం వాళ్లే. మా గదిలోనే ఆ వాదన తెగలేదు.

మెట్రో స్టేషన్లు కూడా ఆలోచించాం. నాగోల్, ఉప్పల్, స్టేడియం, ఎన్‌జీఆర్ఐ, హబ్సిగూడ, తార్నాక, మెట్టుగూడ అంటూ రాయదుర్గం దాకా ఇరవై మూడు. లెక్క సరిపోయింది, వరుసా ఉంది. కానీ అది ఆ రైలెక్కే వాళ్లకి తెలిసిన వరుస. నిజామాబాద్‌లో ఉన్న లైబ్రేరియన్‌కి హబ్సిగూడ ముందో, మెట్టుగూడ ముందో ఎలా తెలుస్తుంది? పైగా ఎటు నుంచి ఎటు అన్న ప్రశ్న కూడా ఉంది. ఇక "తార్నాక వచ్చిందా" అని ఎవరైనా ఫోన్లో అడిగితే మళ్లీ తిక్కన కథే.

3. సంవత్సరాల పేర్ల మీద మనసు పడితే, ముందు పక్కపక్క పేర్లని చదివి చూడండి.

తెలుగువాళ్లు ఎవరికైనా మొదట తట్టేది ఇదే, మాకూ తట్టింది. ప్రభవ నుంచి అక్షయ దాకా అరవై పేర్లు. వరుస ఎప్పుడో స్థిరపడింది, పంచాంగం ఉన్న ప్రతి ఇంట్లో దొరుకుతుంది. అరవై అయ్యాక మళ్లీ మొదటికి వస్తుంది. 1987 ఉగాదికి ప్రభవ వచ్చింది, మళ్లీ 2047లోనే. ఏటా ఒక వెర్షన్ వేసుకునేవాళ్లకి మనవల కాలం దాకా వెతుకులాట ఉండదు. పేరు చూస్తే ఏ ఏడాదిదో తెలిసిపోతుంది. కాగితం మీద ఇంతకన్నా మంచి ఇతివృత్తం లేదు.

అయినా మేం దాన్ని వదిలేశాం, కారణం చెబుతాను. 2022 ఉగాదికి శుభకృత్. 2023 ఉగాదికి శోభకృత్. ఒకదాని వెనకే ఒకటి. ఫోన్లో ఒకరు "శుభకృత్‌లో ఫైన్ లెక్క తప్పొస్తోంది" అంటే, అవతలివాళ్లు శోభకృత్ అని రాసుకోవడానికి ఒక్క గుణింతం చాలు. రెండూ ఒకే సమయంలో వాడుకలో ఉండే వెర్షన్లు కూడాను. సగం లైబ్రరీలు కొత్తదానికి మారి ఉంటాయి, సగం మారవు. తప్పు జరగడానికి సరిగ్గా అదే సమయం. ఇంకా చూడండి: 2021 ప్లవ, 2027 ప్లవంగ. 2009 విరోధి, 2031 విరోధికృత్. 2024 క్రోధి, 2045 క్రోధన. దూరంగా ఉన్నవాటితో పేచీ లేదు, పక్కపక్కన ఉన్నవే ముంచుతాయి.

అర్థాల సంగతి వేరే. 2026 ఉగాదికి వచ్చేది పరాభవ. ఏడాది కష్టపడి రాసిన వెర్షన్‌కి ఆ పేరు పెట్టి ఏ లైబ్రరీకి పంపిస్తాం? పంచాంగంలో వింటే ఎవరూ ఏమీ అనుకోరు, అక్కడ అది తిథివారాల్లాగే ఒక గుర్తు. ఒక వస్తువుకి తగిలిస్తే మాత్రం అర్థం ముందుకొచ్చి నిలబడుతుంది. నచ్చని పేర్లు తీసేసి మిగతావి వాడదామా అంటే, ఏడాదికీ పేరుకీ ఉన్న ముడి తెగిపోతుంది. ఆ ముడి కోసమే కదా దాన్ని ఎంచుకున్నది.

4. పేరుని ఫోన్లో చెప్పి, అవతలివాళ్ల చేత రాయించండి.

జాబితా తయారయ్యాక మేం చేసిన పరీక్ష ఇది. ఒకరు క్యాంపస్‌లో ఆర్ట్స్ కాలేజీ ముందు, బస్సుల రొద మధ్య నిలబడి పేర్లు ఒక్కొక్కటే చదివారు. ఇంకొకరు గదిలో కూర్చుని విన్నది విన్నట్టు రాశారు. తప్పు రాసిన ప్రతి పేరుకీ పక్కన గుర్తు పెట్టాం. అరగంట పని.

ఆండ్రాయిడ్ తీపి పదార్థాల పేర్లు వదలడానికి చెప్పిన కారణాల్లో ఒకటి ఇలాంటిదే. 2009లో కప్‌కేక్ నుంచి 2018లో పై దాకా వచ్చి, 2019లో ఉత్త 10 అని అంకె వేసుకున్నారు. కొన్ని భాషలవాళ్లకి పలుకులో ఎల్‌కీ ఆర్‌కీ తేడా తెలియదని, లాలీపాప్ లాంటి పేరు అక్కడ తికమక పెడుతుందని గూగుల్ అప్పుడు చెప్పింది. పై అనేది తీపి పదార్థం అన్న సంగతి చాలా దేశాల్లో తెలియదనీ అన్నారు. ఏడో వెర్షన్ నూగాని మన దగ్గర ఎంతమంది ఎన్ని రకాలుగా పలికారో సెల్‌ఫోన్ దుకాణాల్లో విన్నవాళ్లకి గుర్తుండే ఉంటుంది.

చెవి పరీక్షలో కూడా దూరం లెక్కలోకి వస్తుంది. మేం చివరికి ఎంచుకున్న చెట్ల జాబితాలో అనాస ఉంది, పనస ఉంది. రెండూ ప్రాస కలిసిన పేర్లే. కానీ వాటి మధ్య పదకొండేళ్లు. పనస వచ్చేనాటికి అనాస ఏ కంప్యూటర్‌లోనూ ఉండదు. ఒకేసారి వాడుకలో ఉండే మూడు నాలుగు వెర్షన్ల పేర్లు ఒకదానికొకటి దూరంగా ఉంటే చాలు.

5. ఇంగ్లీషు అక్షరాల్లో ఒకే రకంగా రాయగలిగే తెలుగు మాటలే తీసుకోండి.

మేం చివరికి చెట్లూ మొక్కలూ ఎంచుకున్నాం. ఏడాదికో అక్షరం, ఇంగ్లీషు అక్షరక్రమంలో. తెలుగు అక్షరక్రమం ఎందుకు కాదంటే, ఫోల్డర్ల పేర్లూ కమాండ్లూ ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంటాయి, కంప్యూటర్ వాటిని ఆ వరుసలోనే పేరుస్తుంది. అక్కడ అ, ఆ రెండూ `a` అయిపోతాయి. మన వర్ణమాలలో వేరువేరుగా ఉన్నవి తెర మీద కలిసిపోతాయి.

అసలు చిక్కు 'త'తో వచ్చింది. తాటి అన్న మాటని ఒకరు `tati` అన్నారు, ఒకరు `thati`, ఇంకొకరు `taati`. తప్పెవరిదీ కాదు, మనం రోజూ మెసేజ్‌లు రాసుకునే తీరే అంత. కానీ కంప్యూటర్‌కి అవి మూడు వేరు వేరు మాటలు. అందుకని తాటి తీసేసి టేకు పెట్టుకున్నాం, `teku`. ఈత కూడా అలాగే పోయింది, `eeta`, `eetha`, `itha`. ఏలకికి ముందు `y` వస్తుందో రాదో తేల్చుకోలేక `e` అక్షరాన్నే వదిలేశాం. దానిమ్మని కొందరు `dhanimma` అని రాస్తారు, అంతకన్నా మంచిది దొరకక ఆ ఒక్కదానికి సర్దుకున్నాం.

ఖాళీలు, చుక్కలు, పైన కిందా గుర్తులున్న అక్షరాలు అసలే వద్దు. 2013లో ఫెడోరా 19కి ష్రోడింగర్స్ క్యాట్ అని పేరు పెట్టారు, `Schrödinger's Cat`. అందులో ఓ మీద రెండు చుక్కలున్నాయి, ఒక అపాస్ట్రఫీ ఉంది, మధ్యలో ఖాళీ ఉంది. వెర్షన్ పేరుని ఫైల్లోంచి చదువుకునే స్క్రిప్టులకి ఈ మూడూ మూడు రకాల పరీక్షలు. ఫెడోరా 20 తర్వాత వాళ్లు పేర్లు పెట్టడమే మానేశారు.

మా జాబితా `perlu.txt` అనే ఫైల్లో, వరసకి ఒక పేరు చొప్పున ఉంటుంది. దాని మీద ఈ రెండు కమాండ్లు నడుపుతాం.

```
LC_ALL=C grep -v '^[a-z]*$' perlu.txt
cut -c1-3 perlu.txt | sort | uniq -d
```

మొదటిది చిన్న ఇంగ్లీషు అక్షరాలు కానిదేమైనా ఉన్న పేర్లని చూపిస్తుంది. రెండోది ఒకటికన్నా ఎక్కువ పేర్లలో కలిసిపోయిన మొదటి మూడు అక్షరాల్ని చూపిస్తుంది. రెండూ ఏమీ చూపించకపోతే జాబితా బాగున్నట్టు. మూడు అక్షరాలే ఎందుకంటే, పాత ఈమెయిళ్లలో వెతికేటప్పుడు అందరం కొట్టేది అంతే.

6. మీ పనిలో రోజూ దొర్లే మాటలతో, మీ చుట్టూ ఉన్న మనుషులతో పేరు కలవకూడదు.

తిక్కన సంగతి ముందే చెప్పాను. లైబ్రరీ సాఫ్ట్‌వేర్‌కి కవి పేరు, మెస్ సాఫ్ట్‌వేర్‌కి వంటకం పేరు, ఆసుపత్రి సాఫ్ట్‌వేర్‌కి మందు చెట్టు పేరు, ఇవన్నీ ఒకే తప్పు. జాబితాలోని ప్రతి పేరునీ ఈ నాలుగు వాక్యాల్లో పెట్టి చదవండి: "... రాలేదు", "... ఆగిపోయింది", "... తీసేయండి", "... పాతదైపోయింది". విన్నవాళ్లకి ఇంకేదైనా అర్థం తడితే ఆ పేరు పనికిరాదు.

మా చెట్లలోనూ ఈ వాక్యాలకి కొన్ని పడిపోయాయి. `jama` అని జామ పెట్టుకున్నాం. ఫైన్ డబ్బు కట్టిన చోట మా తెర మీద ఉండేది కూడా జమ. ఇంగ్లీషు అక్షరాల్లో రెండూ ఒకటే. జామ తీసి జాజి పెట్టాం. రావిని `ravi` అని రాస్తే మనిషి పేరు. "రవిని తీసేయండి" అన్న ఈమెయిల్ ఏ ఆఫీసుకైనా వెళ్తే ఎంత గొడవ! దాని బదులు రేగు. అరటి `arati` అయి ఆడపిల్ల పేరైంది, అక్కడికి అనాస వచ్చింది.

పేరు ముందే ఇంకెవరైనా వాడుతున్నారేమో కూడా చూడాలి. కవుల పేర్లతో మాకు ఈ చిక్కు కూడా ఉండేది. తెలుగు కంప్యూటింగ్‌లో పోతన, వేమన అంటే ముందు గుర్తొచ్చేవి ఫాంట్లు. పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ కూడా ఫాంట్లయ్యారు. అంటే అష్టదిగ్గజాల్లో కనీసం సగంమంది ఈపాటికే మన కంప్యూటర్లలో ఉన్నారు.

7. అర్థం ఇంట్లో పెద్దవాళ్లని అడగండి.

మాకు చింత అంటే చింతచెట్టే. మా అమ్మమ్మకి చూపిస్తే, "ఇది దిగులు కదరా, దిగులు పంపిస్తారా ఎవరైనా?" అంది. చందనం అయింది. గన్నేరు కాయ విషమని, విద్యార్థులు తిరిగే చోట ఆ పేరు వద్దని కూడా ఆవిడే చెప్పింది. గోరింట అలా వచ్చింది.

8. మారిపోయే పేర్లు, ఇంకొకరి సొంతమైన పేర్లు వద్దు.

తార్నాకలో పెద్దవాళ్లని ఐఐసీటీకి దారి అడిగితే, "ఆర్ఆర్ఎల్ అంటున్నావా?" అని తిరిగి అడుగుతారు. 1989లో పేరు మారింది. అంతకు ముందు అది రీజినల్ రీసెర్చ్ లాబొరేటరీ. సంస్థలు, వీధులు, స్టేషన్లు, జిల్లాలు, ఇవన్నీ మనం వాడుతుండగానే పేరు మారిపోగలవి. చెట్లకి ఆ భయం లేదు.

కంపెనీల పేర్లు ఇంకో రకం. ఆండ్రాయిడ్‌లో కిట్‌క్యాట్, ఓరియో వచ్చాయంటే ఆ బ్రాండ్లతో ఒప్పందం ఉంది కాబట్టి. మనలాంటి చిన్నవాళ్లం ఆ దారికి వెళ్లకూడదు.

9. పేరు పక్కన ఎప్పుడూ అంకె ఉండాలి, పేరుకి దాని పని దానికుండాలి.

అసలు డెబియన్‌లో పేర్లు ఎందుకొచ్చాయో తెలిస్తే ఈ చిట్కా గుర్తుండిపోతుంది. 1995 చివర్లో, ఇంకా పూర్తికాని వెర్షన్‌ని ఒక సీడీల కంపెనీ 1.0 అని ముద్ర వేసి అమ్మేసింది. అది నడిచే స్థితిలో లేదు. దాంతో అసలైన 1.0 రానేలేదు, 1996లో నేరుగా 1.1 వచ్చింది. సర్వర్ మీద ఫోల్డర్‌కి ముందే అంకె పెడితే, చూసినవాళ్లు అది తయారైపోయిందనుకుంటారు. ఫోల్డర్‌కి పేరు పెడితే ఆ భ్రమ ఉండదు. వెర్షన్ పూర్తయ్యాక ఫోల్డర్ కదలదు, `stable` అనే గుర్తు మాత్రం వచ్చి దాని మీద వాలుతుంది.

ఈ ఏర్పాటు ఇప్పటికీ ఎలా పనిచేస్తుందో చూడండి. డెబియన్ కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ ఎక్కణ్నుంచి తెచ్చుకోవాలో ఇలా రాసి ఉంటుంది.

```
deb http://deb.debian.org/debian bookworm main
```

2025 ఆగస్టు 9న ట్రిక్సీ వచ్చినప్పుడు, ఇక్కడ `bookworm` అని రాసుకున్న యంత్రాలు బుక్‌వర్మ్ మీదే నిలబడ్డాయి. `stable` అని రాసుకున్నవి మాత్రం తర్వాతి అప్‌డేట్‌కి ట్రిక్సీ వైపు కదిలాయి. ఎప్పుడు మారాలో మనం తేల్చుకోవాలంటే పేరు రాసుకోవాలి. పేరు చేయాల్సిన పని అదే. వరుస చెప్పే పని అంకెది. ఎప్పటికీ పూర్తికాని వెర్షన్‌కి డెబియన్ వాళ్లు పెట్టిన శాశ్వతమైన పేరు సిడ్. సినిమాలో బొమ్మల్ని విరగ్గొట్టే పిల్లాడి పేరు అది, వాడే ముందే హెచ్చరిక పేరులో ఉంది.

మేం అన్ని చోట్లా `8.2-gorinta` అని కలిపే రాస్తాం. పైన కుడి మూలన, బిల్లు కింద, సహాయం తెర మీద, అంతటా ఒకటే. లైబ్రేరియన్ "గోరింట" అంటే చాలు, మాకు 8 అని తెలుస్తుంది. అంకె మరిచిపోయినా పేరు మరవరు, పేరు తప్పు విన్నా అంకె సరిదిద్దుతుంది.

10. అక్షరాలు అయిపోయాక ఏం చేస్తారో ఇప్పుడే రాసిపెట్టుకోండి.

క్లౌడ్ కంప్యూటర్లు నడిపే ఓపెన్‌స్టాక్ 2010లో ఆస్టిన్‌తో మొదలై, అక్షరం తర్వాత అక్షరంగా జెడ్ దాకా వెళ్లింది. 2023లో మళ్లీ ఏకి వచ్చేటప్పుడు పేరుకి ముందు ఏడాది తగిలించారు: `2023.1 Antelope`. రెండు 'ఏ'లు కలిసిపోకుండా ఉండటానికి ఇది చక్కని పద్ధతి. ఆండ్రాయిడ్ కూడా బయటికి అంకె చెబుతున్నా లోపల తీపి పేర్లు మానలేదు. వెనిలా ఐస్‌క్రీమ్ తర్వాత, 16వ వెర్షన్‌కి అక్షరమాల మొదటికి వచ్చి బక్లావా అని పెట్టుకున్నారు.

మా వడపోతలన్నీ దాటి నిలిచినవి ఇవి, నాలుగో వెర్షన్ నుంచి ఇరవయ్యోదాని దాకా:

```
anasa badam chandanam danimma gorinta ippa
jaji kanuga lavanga mamidi neredu panasa
regu sapota teku usiri vepa
```

పదిహేడు పేర్లు, పదిహేడేళ్లు. ఇరవై ఆరు అక్షరాల్లో తొమ్మిదింటికి ఏమీ దొరకలేదు, వాటిని దాటేస్తాం. అక్షరం తప్పిందని వరుస తప్పదు, `d` తర్వాత `g` వచ్చినా ఏది కొత్తదో తెలుస్తూనే ఉంది. దొరకని అక్షరానికి బలవంతంగా పేరు తెచ్చి పెడితే అదే ముందు విరుగుతుంది.

రెండో చుట్టుకి నియమాలు మూడు రాసుకున్నాం. మొదటి చుట్టు పేరు ఒక్కటీ మళ్లీ రాదు. మొదటి మూడు అక్షరాలు పాత పేరుతో కలవవు. అంకె మాత్రం ఇరవై ఒకటి, ఇరవై రెండు అని ముందుకే సాగుతుంది, వెనక్కి రాదు. ఆ చుట్టు కోసం ఇప్పటికి ఏడు పోగయ్యాయి: `bilva`, `gummadi`, `kobbari`, `marri`, `nimma`, `sampenga`, `veduru`. నిమ్మ చెవికి దానిమ్మలా ఉంటుంది గాని అప్పటికి దానిమ్మ వచ్చి ఇరవై ఏళ్లు దాటి ఉంటుంది కాబట్టి ఉంచాం. ఇప్పటికి నడుస్తున్నది గోరింట. `l` అక్షరానికి లవంగం కాక ఇంకో చెట్టు కోసం చూస్తూనే ఉన్నాం.